‘సంది’ ఒక్కటే, ఇంగ్లిష్‌లో మాటలు రెండు: ఖాళీల్లో ప్రిపొజిషన్ ఎట్లా తేల్చుకోవాలి

హన్మకొండలో అద్దెకుంటున్న మనిషిని ఎన్నాళ్ళయిందని అడిగితే ‘రెండేండ్ల సంది ఈడ్నే ఉంటున్నం’ అంటాడు. ఇంకో మనిషిని ఏ సంవత్సరంలో వచ్చారని అడిగితే ‘2019 సంది’ అంటాడు. ప్రశ్నలు వేరైనా జవాబులో మాట మారలేదు. పుస్తకాల తెలుగులో రాసినా రెండుచోట్లా ‘నుంచి’ అనే రాస్తాం. ఇంగ్లిష్ మాత్రం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు. రెండేళ్ళకు ఫర్ కావాలి, 2019కి సిన్స్ కావాలి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ‘సిన్స్ టూ ఇయర్స్’ అని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్ళకు ఇంగ్లిష్ రాదని కాదు. మనసులో తెలుగు వాక్యం సరిగ్గానే కట్టుకుని, అందులోని ఒక ప్రత్యయానికి ఒకే ఇంగ్లిష్ మాట ఉంటుందని నమ్మడం వల్ల ఆ తప్పు జరుగుతుంది.

ఇన్, ఆన్, ఎట్, బై, అన్‌టిల్, సిన్స్, ఫర్ అనే ఏడింటిలో మనల్ని ఎక్కువగా తిప్పలు పెట్టేవి చివరి నాలుగు. మొదటి మూడింటి పట్టిక బడిలోనే నోటికి వచ్చేస్తుంది. ఈ నాలుగింటికి పట్టిక పనిచేయదు, ఎందుకంటే ఖాళీ పక్కనున్న మాట ఒక్కటే చూస్తే చాలదు. అందుకని ఇక్కడ వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు సిన్స్, ఫర్ జంట. సిన్స్ తర్వాత వచ్చేది క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలుపెట్టి చూపించగల చోటు. 2019, సోమవారం, పొద్దున, పెళ్ళయిన రోజు, చిన్నతనం, ఇవన్నీ ఒక మొదలును చూపిస్తాయి. ఫర్ తర్వాత వచ్చేది కొలత. రెండేళ్ళు, మూడు గంటలు, చాలా రోజులు, ఇవి ఎంతసేపో చెబుతాయి కానీ ఎప్పుడు మొదలైందో చెప్పవు. ఈ సూత్రం అందరికీ తెలిసిందే. పరీక్ష హాల్లో తొందరలో అది గుర్తుకు రాకపోవడమే ఇబ్బంది. దానికి మన తెలుగులోనే ఒక పరీక్ష ఉంది.

‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్ళ నుంచి ఉంటున్నాం’ అన్నదాన్ని ‘రెండేళ్ళుగా ఉంటున్నాం’ అనవచ్చు. ‘మూడు గంటలుగా’, ‘చాలా రోజులుగా’, ‘గత ఐదేళ్ళుగా’, అన్నీ చెవికి ఇంపుగానే ఉంటాయి. ‘గా’ అతికిందంటే ఫర్. ఇప్పుడు ‘2019గా ఉంటున్నాం’ అనండి. ‘సోమవారంగా జ్వరం’ అనండి. నోరే ఒప్పుకోదు. ‘గా’ అతకలేదంటే సిన్స్. తెలుగు మాట్లాడేవాడికి ఇందులో తప్పు పోయే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే ఇక్కడ తీర్పు చెప్పేది వ్యాకరణ పుస్తకం కాదు, చిన్నప్పటి నుంచి అలవాటైన చెవి.

ఈ మూడు ఖాళీలు చూడండి.

```
a) Kakatiya University has been here ___ 1976.
b) It has not rained ___ three weeks.
c) He has had a fever ___ the last four days.
```

మొదటిదానిలో ‘1976గా’ అనలేం, కాబట్టి సిన్స్. రెండోది ‘మూడు వారాలుగా వాన లేదు’, ఫర్. మూడోదాని దగ్గరే చాలామంది జారిపోతారు. ‘లాస్ట్’ అనే మాట కనబడగానే అది గతంలోని ఒక చోటు అనుకుని సిన్స్ గుర్తు పెడతారు. ‘గత నాలుగు రోజులుగా’ అని చదివి చూస్తే కొలత అని తేలిపోతుంది. జవాబు ఫర్.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది, అదీ తెలిసి ఉండాలి. ‘గత ఏడాది నుంచి’ అన్నా, ‘గత ఏడాదిగా’ అన్నా తెలుగులో చెల్లుతుంది. ఇంగ్లిష్‌లో అక్కడ ‘ద’ అనే చిన్న మాట తీర్పు చెబుతుంది. ఉత్త ‘లాస్ట్ ఇయర్’ అంటే పోయిన సంవత్సరం, అది ఒక చోటు, సిన్స్ కావాలి. ‘ద లాస్ట్ ఇయర్’ అంటే ఇప్పటిదాకా గడిచిన పన్నెండు నెలలు, అది కొలత, ఫర్ కావాలి. ఖాళీ పక్కన ‘లాస్ట్’ ఉంటే ముందు ‘ద’ ఉందో లేదో చూసుకోండి.

ఖాళీకి కుడివైపున ఉన్న మాటతో పాటు ఎడమవైపున ఉన్న క్రియను కూడా చూడాలి. సిన్స్‌కు ‘హాజ్’, ‘హావ్’ లేదా ‘హాడ్’ తోడు ఉండాలి, ఎందుకంటే అది ఒక మొదలు నుంచి ఇప్పటిదాకా, లేదా కథలోని ఒక క్షణందాకా, ఆగకుండా సాగిన దారిని చూపిస్తుంది. క్రియ ఉత్త భూతకాలంలో ఉంటే ఆ దారి తెగిపోయినట్టు.

```
They lived in Mulugu ___ 2016.
```

ఇక్కడ 2016 అనే సంవత్సరం చూసి సిన్స్ పెట్టేస్తే తప్పే. ‘లివ్డ్’ అంటే ఇప్పుడు ఉండడం లేదు. సిన్స్ కావాలంటే ‘హావ్ లివ్డ్’ అని ఉండాలి. కాబట్టి ఆప్షన్లలో సిన్స్, ఫర్, అన్‌టిల్, ఎట్ ఉంటే జవాబు అన్‌టిల్, 2016 దాకా అక్కడ ఉండి తర్వాత వెళ్ళిపోయారని అర్థం. ఫర్‌కు ఇటువంటి పట్టింపు లేదు. అది ఏ కాలంలోనైనా వస్తుంది, భవిష్యత్తులో కూడా. ‘మూడు రోజులు ఉంటాం’ అన్నా, ‘మూడు రోజులు ఉన్నాం’ అన్నా ఫరే. గమనించండి, ఈ రెండు వాక్యాల్లో తెలుగులో ప్రత్యయమే లేదు. ఉత్త ‘మూడు రోజులు’ అంతే. తెలుగులో కొలత మాట ఒంటరిగా నిలబడిన చోట కూడా ఇంగ్లిష్ ఫర్ అడుగుతుంది. అదే ‘మూడు రోజుల్లో’ అని ‘లో’ వచ్చిందా, అప్పుడు ఇన్. ‘రెండు గంటలు చదివాడు’కి ఫర్, ‘రెండు గంటల్లో చదివేశాడు’కి ఇన్. మొదటి వాక్యంలో పుస్తకం పూర్తయిందో లేదో తెలియదు, రెండోదానిలో పూర్తయింది.

ఇక బై, అన్‌టిల్. నా లెక్కలో ఈ ఏడింటిలో అన్నిటికంటే కష్టమైన జంట ఇదే, మన ప్రాంతంవాళ్ళకు మరీ కష్టం. కారణం ‘వరకు’ అనే మాట. ‘పొద్దుమీకే వరకు ఈడ్నే ఉంట’ అని ఒకరంటారు, ‘పొద్దుమీకే వరకు పైసలిస్త’ అని ఇంకొకరంటారు. మొదటి మనిషి అంతసేపూ కదలకుండా ఉంటాడు. రెండో మనిషి అంతసేపూ పైసలిస్తూ కూర్చోడు, ఆ గడువు దాటకుండా ఏదో ఒక క్షణంలో ఇచ్చేస్తాడు. మొదటిది అన్‌టిల్, రెండోది బై. మనం మాత్రం రెండింటికీ ‘వరకు’ అనేస్తాం, వినేవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. అందుకే ఇంగ్లిష్‌లో ‘ఐ విల్ పే అన్‌టిల్ ఈవినింగ్’ అనే వాక్యం మనకు తప్పుగా తోచదు.

దీనికీ మన భాషలోనే మందుంది. ‘వరకు’ తీసేసి రెండు మాటలు మార్చిమార్చి పెట్టి చూడండి, ‘దాకా’, ‘కల్లా’. ‘సాయంత్రం దాకా ఉంటా’ బాగుంది, ‘సాయంత్రానికల్లా ఉంటా’ అంటే అర్థమే మారిపోయింది, అప్పటికి వచ్చి ఉంటానని అయింది. ‘సాయంత్రానికల్లా పైసలిస్తా’ బాగుంది. ‘కల్లా’ కుదిరిన చోట బై, ‘దాకా’ మాత్రమే కుదిరిన చోట అన్‌టిల్.

దీని వెనకున్న కారణం క్రియలో ఉంది. వేచి ఉండడం, నిద్రపోవడం, పనిచేయడం, దుకాణం తెరిచి ఉండడం, ఇవి సాగే పనులు. వీటిని ఒక చోటుదాకా లాగవచ్చు. చేరడం, ఇవ్వడం, కట్టడం, పూర్తి చేయడం, ఇవి ఒక్క క్షణంలో ముగిసే పనులు. వీటికి గడువే ఉంటుంది. ఉద్యోగ నోటిఫికేషన్లలో ఒకే తేదీ మీద ఈ రెండూ కనబడతాయి.

```
a) Applications will be accepted ___ 5 p.m. on 20 June.
b) Submit your application ___ 5 p.m. on 20 June.
```

మొదటిదానిలో స్వీకరించే పని అన్ని రోజులూ సాగుతూ ఉంటుంది, ఆ గంటకు ఆగుతుంది, కనుక అన్‌టిల్. రెండోదానిలో అభ్యర్థి ఒక్కసారే పంపుతాడు, కనుక బై. తేదీ, గంట రెంటిలోనూ ఒకటే, కుడివైపు ఎంత చూసినా తేడా దొరకదు. ఎడమవైపు క్రియ చూస్తేనే దొరుకుతుంది.

ఈ సూత్రాన్ని తలకిందులు చేసేది ‘నాట్’. చేరడం ఒక్క క్షణం పనే, కానీ చేరకపోవడం సాగే స్థితి. బస్సు రాకపోవడం గంటసేపు కొనసాగవచ్చు. అందుకే క్రియకు ‘నాట్’ తగిలితే బై అడిగే క్రియ కూడా అన్‌టిల్ వైపు తిరుగుతుంది. సోమవారం దాకా ఉత్తరం తెరవకు, ఆరింటి దాకా నేను కదలను, ఇటువంటి వాక్యాలన్నిటికీ అన్‌టిల్. ఖాళీ ముందు ‘డోంట్’, ‘డిడ్ నాట్’, ‘వోంట్’ కనబడితే మీరు అనుకున్న జవాబును ఇంకొకసారి ‘దాకా’తో చదివి చూసుకోండి.

దీనికి ఆనుకునే ఇంకో తప్పుంది. తెలుగులో ‘ఫీజు కట్టనంత వరకు హాల్ టికెట్ ఇవ్వరు’ అంటాం, ‘కట్టేవరకు ఇవ్వరు’ అని కూడా అంటాం. మొదటిదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేవాళ్ళు అన్‌టిల్ తర్వాత ‘యూ డోంట్ పే’ అని రాస్తారు. అన్‌టిల్ తర్వాత ఆ ‘డోంట్’ ఉండకూడదు. మార్చబోయే ముందు తెలుగు వాక్యాన్నే ‘కట్టేవరకు’ అని దిద్దుకుంటే ఈ తప్పు రాదు.

‘లోపు’ గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్దాం. ‘శుక్రవారం లోపు’ అంటే బై, ‘రెండు రోజుల లోపు’ అంటే ఇన్ లేదా వితిన్. బై తర్వాత ఎప్పుడూ చోటే రావాలి, కొలత రాకూడదు. ‘బై టూ డేస్’ అనే ఆప్షన్‌ను ఈ అర్థంలో అప్పుడే కొట్టేయవచ్చు.

కాలానికి ఇన్, ఆన్, ఎట్ వాడే చోట తెలుగు మనకు అడ్డం రాదు, సాయమే చేస్తుంది. జూన్‌లో, 2014లో అని ‘లో’ అంటే ఇన్. జూన్ 2న అని ‘న’ అంటే ఆన్. పదింటికి అని ‘కి’ అంటే ఎట్. తెలంగాణ ఏర్పడింది 2014లో, కాబట్టి ఇన్. అదే 2014 జూన్ 2న అన్నప్పుడు ఆన్. రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన తేదీ 2021 జూలై 25, దానికీ ఆన్. తేదీ తీసేసి ఉత్త 2021 జూలై అని మిగిల్చితే ఇన్. ఒకే సంఘటన మీద తేదీ ఒకసారి చేర్చి, ఒకసారి తీసేసి పరీక్షలో అడగడం సులువు కాబట్టి ఈ తేడాను పట్టించుకోవాలి.

ప్రత్యయం లేని చోట్లే జాగ్రత్త కావాలి. పొద్దున, సాయంత్రం, రాత్రి అనే మాటలకు తెలుగులో ఏమీ తగిలించం. ఇంగ్లిష్‌లో పొద్దునకూ సాయంత్రానికీ ఇన్, రాత్రికి ఎట్. వాటి పక్కన వారమో తేదీయో చేరితే ఆన్ గెలుస్తుంది. ‘సోమవారం పొద్దున’ అంటే ఆన్, ‘జూన్ 2 పొద్దున’ అన్నా ఆన్. ‘మార్నింగ్’ చూసి ఇన్ పెట్టే చేతిని ఇక్కడ ఆపాలి. ‘దిస్’, ‘లాస్ట్’, ‘నెక్స్ట్’, ‘ఎవ్రీ’ ముందు ఇన్, ఆన్, ఎట్ ఏదీ రాదు.

చోటు దగ్గరికి వస్తే ‘లో’ మళ్ళీ మోసం చేస్తుంది. వరంగల్‌లో, బస్టాండులో, బస్సులో, ఆటోలో, టీవీలో, అన్నిటికీ మనం ‘లో’ అనే అంటాం. ఇంగ్లిష్ వీటిని మూడు రకాలుగా విడదీస్తుంది. ఆ చోటు చుట్టూ హద్దు ఉన్నట్టు, మనం దాని లోపల ఉన్నట్టు చూస్తే ఇన్. మనల్ని మోసే తలంగానో గీతగానో చూస్తే ఆన్. పటం మీద ఒక చుక్కగా చూస్తే ఎట్. ఇది చోటు సైజును బట్టి ఉండదు, దాన్ని మనం ఎట్లా చూస్తున్నామనే దాన్ని బట్టి ఉంటుంది. ఈ మాట అర్థమవ్వాలంటే కాజీపేటను చూడాలి.

```
a) My uncle lives ___ Kazipet.
b) The train stopped ___ Kazipet for ten minutes.
```

ఊరు ఒక్కటే. బాబాయి ఇల్లు ఆ ఊరి హద్దుల లోపల ఉంది, కనుక మొదటిదానికి ఇన్. రైలుకు మాత్రం కాజీపేట ఒక ఊరు కాదు, దారి మీద ఆగిన ఒక చుక్క, కనుక రెండోదానికి ఎట్. పెద్ద ఊళ్ళకు ఇన్, చిన్నవాటికి ఎట్ అనే పాత సూత్రం పట్టుకున్నవాళ్ళు రెండుచోట్లా ఒకే జవాబు రాసి ఒక మార్కు వదులుకుంటారు.

బండ్ల విషయంలో నిలబడి అటూ ఇటూ నడవగలిగినదానికి ఆన్, కూలబడి కూర్చునేదానికి ఇన్ అని గుర్తుంచుకోండి. బస్సుకూ రైలుకూ ఆన్, ఆటోకూ కారుకూ ఇన్. బండి మీద, సైకిల్ మీద అని మనమే ‘మీద’ అంటాం కాబట్టి అక్కడ ఆన్ దానంతటదే వస్తుంది. ములుగు రోడ్డుకు ఆన్, ఎందుకంటే రోడ్డు గీత. హన్మకొండ చౌరస్తాకు ఎట్, ఎందుకంటే గీతలు కలిసేది చుక్క దగ్గర. టీవీకీ, ఫోన్‌కూ, పుస్తకంలో పేజీకీ ఆన్, పుస్తకానికీ దినపత్రికకూ ఇన్.

‘రీచ్’ అనే క్రియ ఉంటే చోటు ముందు ఏదీ పెట్టకూడదు. ‘రీచ్డ్ ఎట్ వరంగల్’ తప్పు. అదే ‘అరైవ్’ అయితే నగరానికి ఇన్, స్టేషన్‌కు ఎట్ తప్పనిసరి. ఆప్షన్లలో ‘ప్రిపొజిషన్ అవసరం లేదు’ అని ఒకటి ఉందంటే క్రియ ‘రీచ్’ అయ్యిందేమో, పక్కన ‘హోమ్’ ఉందేమో ఒకసారి చూడండి.

ఇప్పుడు ఏడూ కలిసి ఉన్న ఒక పేరా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా పూరిద్దాం.

```
My sister lives (1)___ Hanamkonda. She has worked in a bank
(2)___ 2019. Last Monday she left home (3)___ 9 o'clock, walked
to the stop (4)___ Mulugu Road and waited there (5)___ half an
hour. The bus did not come (6)___ 9.40. She had to reach the
bank (7)___ 10, not a minute later.
```

మొదటిది ఊరు, ఆమె దాని లోపల ఉంటుంది, ఇన్. రెండోదానికి కుడివైపు 2019, ఎడమవైపు ‘హాజ్ వర్క్‌డ్’, రెండూ కలిసి సిన్స్ అని చెబుతున్నాయి. ‘2019గా’ అని అనలేం కూడా. మూడోది తొమ్మిదింటికి, ఎట్. పక్కన ‘లాస్ట్ మండే’ ఉంది కదా, దాని ముందు ఆన్ ఎందుకు లేదని అనుమానం రావచ్చు. ‘లాస్ట్’ ఉంది కాబట్టే లేదు. నాలుగోది రోడ్డు, గీత, ఆన్. ‘స్టాప్’ అనే మాట చూసి ఎట్ అనుకుంటే జారినట్టే, ఖాళీ తర్వాత ఉన్నది రోడ్డు పేరు. ఐదోది కొలత, తెలుగులో ‘అరగంట వేచి ఉంది’ అని ప్రత్యయం లేకుండా చెబుతాం, ఫర్.

ఆరోదాని దగ్గర ఆగి ఆలోచించాలి. 9.40 ఒక చోటు, రావడం ఒక్క క్షణం పని, ఈ రెండూ చూసి చేయి బై మీదకు వెళ్తుంది. కానీ ‘డిడ్ నాట్’ ఉంది. ‘9.40 దాకా రాలేదు’, అప్పుడు వచ్చింది. జవాబు అన్‌టిల్. ఇక్కడ బై రావాలంటే క్రియ ‘హాడ్ నాట్ కమ్’ అని ఉండాలి. అప్పుడు అర్థం కూడా మారుతుంది, 9.40కల్లా రాలేదు, ఆ తర్వాత వచ్చిందో లేదో వాక్యం చెప్పదు.

ఏడోదానికి ఎట్, బై రెండూ వ్యాకరణానికి సరిపోతాయి. తెలుగులో కూడా ‘పదింటికి చేరాలి’ అంటే రెండు అర్థాలూ వస్తాయి. ఇటువంటి చోట ప్రశ్న రాసినవాళ్ళు వాక్యంలో ఎక్కడో ఒక ఆనవాలు వదులుతారు. ఇక్కడ అది చివరి ముక్క, ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదని. అంటే పదికి ముందే చేరినా పర్వాలేదు, దాటితేనే తప్పు. పదింటికల్లా. బై.